తక్కువ స్కోర్ వాళ్లే బాగా కడుతున్నారట! మా స్కోరింగ్ మోడల్ ఆడిట్‌లో లెక్క కుదరడం లేదు

నీలగిరి_ఆడిట్
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. నల్లగొండలో ఒక చిన్న ఎన్‌బీఎఫ్‌సీలో ఇంటర్నల్ ఆడిట్ చూస్తాను, పేరు అడగొద్దు. మేం ఇచ్చేది చిన్న వ్యాపారాలకు, 50 వేల నుంచి లక్షన్నర దాకా, 18 లేదా 24 నెలల ఈఎంఐలు. కిరాణం, టైలరింగ్, పాల వ్యాపారం, టిఫిన్ సెంటర్ లాంటివి. 2021 నుంచి అప్లికేషన్ పడగానే ఒక వెండర్ తయారు చేసిన మోడల్ స్కోర్ ఇస్తుంది. 520 దాటితే నేరుగా పాస్. 520 లోపు వస్తే బ్రాంచ్ మేనేజర్ కారణం రాసి ఎక్సెప్షన్ కింద ఇవ్వొచ్చు.

ఈ ఏడాది ఆడిట్ కమిటీ ఈ మోడల్‌ని కూడా చూడమంది. 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా ఇచ్చిన 9,400 లోన్లు తీసుకుని, ఒక్కోదాన్నీ ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చూశాను. ఆ 12 నెలల్లో ఎప్పుడైనా 90 రోజుల ఓవర్‌డ్యూ దాటితే బ్యాడ్, దాటకపోతే గుడ్. వెండర్ కూడా ఇదే నిర్వచనం వాడాడు. వచ్చింది ఇది:

ఏ (700 పైన): 2,300 లోన్లు, బ్యాడ్ 46
బీ (620–699): 2,800 లోన్లు, బ్యాడ్ 112
సీ (560–619): 2,500 లోన్లు, బ్యాడ్ 175
డీ (520–559): 1,200 లోన్లు, బ్యాడ్ 120
ఈ (520 లోపు): 600 లోన్లు, బ్యాడ్ 36

ఏ నుంచి డీ దాకా 2 శాతం, 4, 7, 10 అని వరసగా పెరుగుతూ వచ్చి, అన్నిటికన్నా చెడ్డ బ్యాండ్‌కి వచ్చేసరికి 6 శాతమే. డీ వాళ్ల కంటే ఈ వాళ్లే నయం అన్నమాట! మంచి, చెడ్డ లోన్లని మోడల్ ఎంత బాగా విడదీస్తోందో చెప్పే గినిని ఈ బ్యాండ్ల మీద లెక్కేస్తే 0.27 వచ్చింది, వెండర్ తన రిపోర్టులో 0.44 అని రాసుకున్నాడు. అడిగితే "మీ కస్టమర్లు మారిపోయారు" అంటున్నాడు. మోడల్ లోపల ఏ అంశానికి ఎంత వెయిట్ ఉందో చూపించమంటే అది తమ వ్యాపార రహస్యం అంటున్నాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

---

డేటా_వీరుడు
సోమవారం, రాత్రి 10:15

బ్రో ఇది క్లాసిక్ కేసు, మోడల్ పాతబడింది. 2021లో కట్టిన మోడల్‌ని ఇంకా అలాగే వాడితే ఇలాగే అవుతుంది. ముందు పీఎస్ఐ చూడు. తయారు చేసినప్పటి స్కోర్లు ఎలా పరుచుకుని ఉన్నాయి, ఇప్పటి అప్లికేషన్ల స్కోర్లు ఎలా ఉన్నాయి అని పోల్చు. 0.25 దాటితే ఇక ఆలోచించేది లేదు, కొత్త మోడల్ కట్టించుకోవాలి.

---

నీలగిరి_ఆడిట్
సోమవారం, రాత్రి 10:31

చూశాను అన్నా. 0.05 వచ్చింది, 0.1 కూడా దాటలేదు. వచ్చే అప్లికేషన్లు దాదాపు అప్పటిలాగే ఉన్నాయి. అందుకే కస్టమర్లు మారారన్న మాట నాకు ఎక్కడం లేదు.

---

డేటా_వీరుడు
సోమవారం, రాత్రి 10:44

అయితే ఎక్సెప్షన్ వల్లే. 520 లోపు వచ్చినవాళ్లందరికీ మీరు లోన్ ఇవ్వడం లేదు కదా, మేనేజర్‌కి బాగా తెలిసిన కొందరికే వస్తోంది. స్కోర్‌కి కనపడనిది మేనేజర్‌కి కనపడుతుంది, దుకాణం ఎలా నడుస్తోంది, ఇల్లు సొంతమా, అన్న జమానతు ఉంటాడా లాంటివి. ఏరి ఇచ్చారు కాబట్టి బాగా కడుతున్నారు. మిగతావాళ్లకి కూడా ఇచ్చి ఉంటే 25 శాతం బ్యాడ్ వచ్చేదేమో. మోడల్ తప్పు లేదు, మేనేజర్లు మంచోళ్లు, రిపోర్ట్ రాసెయ్ 😄

---

వనపర్తి_బిందు
మంగళవారం, ఉదయం 7:20

నేను ఒక బ్యాంకులో మోడల్ వాలిడేషన్ చేస్తాను. వీరుడు గారు చెప్పిన ఏరివేత నిజంగా ఉంటుంది, ప్రతి ఎక్సెప్షన్ బ్యాండ్‌లోనూ కొంత కనపడుతుంది. కానీ డీ కంటే ఈ ఇంత మెరుగ్గా ఉందంటే, 600 మంది విషయంలో మీ మేనేజర్లందరూ అంత కచ్చితంగా మనుషుల్ని చదివారని ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు ఒక పని చేయండి. మోడల్‌ని కాసేపు పక్కన పెట్టి, ఆ 564 "గుడ్" లోన్లు ఎలా గుడ్ అయ్యాయో చూడండి.

12 నెలలు బతికి ఉండి కట్టిన లోన్ ఒక రకం. 12 నెలల లోపే క్లోజ్ అయిన లోన్ ఇంకో రకం. మీ నిర్వచనంలో క్లోజ్ అయిన లోన్ 90 రోజులు దాటే అవకాశమే లేదు, కాబట్టి అది ఎలా క్లోజ్ అయినా గుడ్ కిందే పడుతుంది. క్లోజ్ అయిన వాటిలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కస్టమర్ జేబులోంచా, మీ కొత్త లోన్‌లోంచా?

వెండర్ వెయిట్లు ఇవ్వకపోయినా ఈ పనికి అడ్డం లేదు. స్కోర్, లోన్ పుట్టిన తేదీ, చివరికి ఏమైంది, ఈ మూడూ మీ దగ్గరే ఉన్నాయి కదా.

---

రంగన్న_మిర్యాలగూడ
మంగళవారం, ఉదయం 8:05

మేడం నాది కూడా స్కోర్ సమస్యే. రైస్ మిల్లుకి లారీలు తోలేవాణ్ణి, బైక్ లోన్ మూడేళ్ల కింద మొత్తం కట్టేసి ఎన్‌ఓసీ కూడా తీసుకున్న. ఇప్పుడు లోన్‌కి పోతే సిబిల్‌లో అది ఇంకా ఓపెన్ ఉందని, ఓవర్‌డ్యూ అని చూపిస్తుందట. 900కి ఎంత ఉంటే లోన్ వస్తది? మీ కంపెనీలో ఇస్తరా?

---

వనపర్తి_బిందు
మంగళవారం, ఉదయం 8:30

రంగన్న గారూ, ఇక్కడి చర్చ వేరే గానీ మీకు దారి ఉంది. ఏడాదికి ఒకసారి ప్రతి క్రెడిట్ బ్యూరో మీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అది తీసుకుని, ఆ ఎంట్రీ మీద బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ వేయండి, ఎన్‌ఓసీ జత చేయండి. లోన్ ఇచ్చిన సంస్థకి కూడా ఒక ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ నియమం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఒక బ్యూరోలో సరిచేస్తే మిగతావాటిలో దానంతటదే మారదు, నాలుగు బ్యూరోల్లోనూ చూసుకోండి.

---

రంగన్న_మిర్యాలగూడ
మంగళవారం, ఉదయం 8:41

నాలుగా! ఒక్కటే అనుకున్న. సరే మేడం.

---

ఫీల్డ్_శీను
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను జడ్చర్ల దిక్కు ఆరేండ్లు కలెక్షన్ చేసిన, ఇప్పుడు మానేసిన. బిందు మేడం అడిగిన దానికి జవాబు నేను చెప్త, మీ కంపెనీ అని కాదు, మేం చూసినం కాబట్టి చెప్తున్న. నెలాఖరుకి మేనేజర్ ఓవర్‌డ్యూ లిస్ట్ ముందట పెట్టుకుని కూసుంటడు. 80 రోజులు దాటినోళ్లకు ఫోన్ చేసి "ఆధార్ పట్టుకుని రా, కొత్త లోన్ ఇస్త, పాతది అందులనే కొట్టేస్త" అంటడు. కస్టమర్‌కి చేతికి వచ్చేది మూడు నాలుగు వేలు, ఒక్కోసారి అది కూడా రాదు. కానీ పాత బాకీ పోయింది కదా అని సంతకం పెడతడు. మేం దాన్ని "తిప్పుడు" అనేటోళ్లం.

మీ కంపెనీల మేనేజర్‌కి ఎక్సెప్షన్ లోన్ మీద ఏమన్నా పెనాల్టీ ఉన్నదా? అది చూడు అన్నా.

---

నీలగిరి_ఆడిట్
మంగళవారం, రాత్రి 11:05

శీను అన్నా, దిమ్మ తిరిగింది. ఎక్సెప్షన్ పాలసీ మళ్లీ చదివాను. ఎక్సెప్షన్ కింద ఇచ్చిన లోన్ ఏడాది లోపు 90 రోజులు దాటితే ఆ మేనేజర్‌కి ఎక్సెప్షన్ ఇచ్చే అధికారం ఆరు నెలలు తీసేస్తారు. టార్గెట్ అందుకోవాలంటే ఆ అధికారం వాళ్లకి కావాలి. రెన్యువల్ పాలసీలో ఏముందంటే, పాత లోన్ 90 దాటకుండా ఉంటే చాలు, కొత్తది ఇవ్వొచ్చు. ఇక తిప్పుడుకి 89వ రోజు దాకా గేటు తెరిచి ఉన్నట్టే.

ఇవాళ పొద్దుటి నుంచి డేటా తీశాను. ఇదీ క్వెరీ, ఎవరికైనా పనికొస్తుందేమో:

```sql
SELECT o.loan_id, o.branch, o.close_date,
       o.dpd_at_close, n.loan_id AS new_loan,
       n.sanction_amt, n.net_paid
FROM loans o
JOIN loans n ON n.cust_id = o.cust_id
           AND n.loan_id <> o.loan_id
WHERE n.disb_date BETWEEN o.close_date - 3
                      AND o.close_date + 7;
```

`dpd_at_close` అనే కాలమ్ అసలు లేదు, క్లోజ్ చేయగానే సిస్టమ్ డీపీడీని, అంటే ఓవర్‌డ్యూ రోజుల లెక్కని, సున్నా చేసేస్తుంది. ముందు రోజు రాత్రి బ్యాకప్‌ల నుంచి నేనే కట్టుకోవాల్సి వచ్చింది. ఈ బ్యాండ్ 600లో 118 లోన్లు ఇలా దొరికాయి.

---

వనపర్తి_బిందు
బుధవారం, ఉదయం 6:50

118 తక్కువే అనిపిస్తోంది. `cust_id` ఒక్కదాన్నే నమ్మొద్దు. బ్రాంచ్‌లో కొత్త ఐడీ తెరిచి ఇచ్చినవి ఈ క్వెరీకి దొరకవు. ఫోన్ నంబర్, బ్యాంక్ అకౌంట్ నంబర్, పాన్ ఉంటే పాన్, వీటిలో ఏ ఒక్కటి కలిసినా ఒకే మనిషి అని పట్టుకుని, తర్వాత చేత్తో చూడండి. పేరుతో కలపాలని చూస్తే రోజంతా పోతుంది. ఒకే మనిషి ఒక లోన్‌లో `Laxmamma`, ఇంకో లోన్‌లో `Lakshmamma`. చిరునామా సంగతి చెప్పనే అక్కర్లేదు, 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక అచ్చంపేట వాళ్లు సగం ఫైళ్లలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటారు, సగం ఫైళ్లలో నాగర్‌కర్నూల్‌లో ఉంటారు. మా ఊరు వనపర్తికీ అదే గతి.

ఇంకో ప్రశ్న. వెండర్ మోడల్‌ని ఏ లోన్ల మీద కట్టాడు? ఏ నెల నుంచి ఏ నెల దాకా ఇచ్చినవి?

---

నీలగిరి_ఆడిట్
బుధవారం, మధ్యాహ్నం 2:20

2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా ఇచ్చినవి, 12 నెలల ఫలితంతో. వాళ్ల రిపోర్ట్‌లో రెండో పేజీలోనే ఉంది.

---

వనపర్తి_బిందు
బుధవారం, మధ్యాహ్నం 2:48

అనుకున్నాను. ఆ లోన్లని చూసిన 12 నెలల కాలం మీద కరోనా మారటోరియం సరిగ్గా మధ్యలో పడింది. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా మారటోరియం తీసుకున్నవాళ్లకి రోజుల లెక్క ఆగిపోయింది, కట్టకపోయినా ఓవర్‌డ్యూ పెరగలేదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు సెప్టెంబర్ 3న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల, ఆగస్టు చివరికి ఎన్‌పీఏ కాని ఖాతాని 2021 మార్చి 23 దాకా ఎన్‌పీఏ అని ప్రకటించడానికి లేకపోయింది. అంటే వెండర్‌కి ఇచ్చిన డేటాలో కట్టలేని మనిషి కూడా గుడ్ అని రాసి ఉంది. మోడల్ ఆ డేటా చూసి నేర్చుకుంది.

ఇందులో వెండర్‌దే తప్పని అనలేం. ఏ లోన్ 90 రోజులు దాటింది, ఏది దాటలేదు అన్న లెక్క అతనికి ఇచ్చింది మీ కంపెనీయే. కానీ ఆ నెలలు తీసేసి చూశాడా, మారటోరియం తీసుకున్నవాళ్లని విడిగా పెట్టాడా అని అడగాల్సిన వాళ్లు 2021లో అడగలేదు. మోడల్ పెట్టే ముందు మీ దగ్గర స్వతంత్రంగా ఎవరైనా వాలిడేషన్ చేశారా? లేకపోతే అదే మీ మొదటి ఫైండింగ్ అవుతుంది. బయటి నుంచి కొన్న మోడల్ అయినా సరే వాలిడేషన్ జరగాలని 2024 ఆగస్టులో ఆర్బీఐ ముసాయిదాలో కూడా ఉంది.

---

డేటా_వీరుడు
బుధవారం, సాయంత్రం 6:12

మారటోరియం పాయింట్ బాగుంది, అది నాకు తట్టలేదు. కానీ రెన్యువల్ అన్నీ చెడ్డవి అంటే నేను ఒప్పుకోను. దసరాకి సరుకు నింపుకోవాలని పది ఈఎంఐలు టైంకి కట్టినవాడు టాప్-అప్ తీసుకుంటే వాణ్ణి కూడా బ్యాడ్ అంటారా? అలా లేబుల్ పెడితే మంచి కస్టమర్‌ని దూరం పెట్టడం మోడల్‌కి మనమే నేర్పించినట్టు. నా మాట వింటే రెన్యువల్స్ అన్నీ శాంపుల్‌లోంచి తీసెయ్యండి, గుడ్డూ కాదు బ్యాడ్డూ కాదు.

---

నీలగిరి_ఆడిట్
గురువారం, రాత్రి 10:50

రెండు రోజులు నిద్ర లేదు కానీ బొమ్మ కనపడుతోంది. ఫోన్, అకౌంట్ నంబర్లు కూడా కలిపితే ఈ బ్యాండ్‌లో 118 కాస్తా 150 అయ్యాయి. వీరుడు అన్న అన్నట్టు వాటిని రెండుగా విడదీశాను. క్లోజ్ అయ్యే ముందు రోజు 60 రోజులు దాటి ఉన్నవి 84, దాటనివి 66. ఆ 84లో 66 అయితే 75 నుంచి 89 రోజుల మధ్యలోనే క్లోజ్ అయ్యాయి. తేదీలు గ్రాఫ్ వేస్తే నెల చివరి నాలుగు రోజుల్లో గోడలా లేచింది. బ్రాంచ్ వారీగా చూస్తే 84లో 61 రెండే బ్రాంచ్‌లవి, ఒకటి దేవరకొండ దగ్గర, ఇంకోటి కల్వకుర్తి దిక్కు.

మిగతా బ్యాండ్లలోనూ చూశాను. డీలో ఇలాంటివి 30, సీలో 25, ఏ, బీలలో ఒక్కటీ లేదు. ఆ రెండింటిలో రెన్యువల్స్ ఉన్నాయి గానీ అన్నీ టైంకి కట్టినవే.

ఒక ఫైల్ మొత్తం తిరగేశాను. టైలరింగ్ షాప్, 75,000 లోన్, 18 నెలలు, 24 శాతం, ఈఎంఐ 5,003. ఐదు కట్టింది, ఆరోది ఆగింది. 82వ రోజున క్లోజ్. అదే రోజు కొత్త లోన్ 65,000 మంజూరు, అందులో 61,400 పాత లోన్‌కి సర్దుబాటు, అకౌంట్లో పడింది 3,600. మంజూరు పత్రంలో కారణం "వ్యాపార విస్తరణ". కొత్త లోన్‌కి మూడు ఈఎంఐలు కట్టింది, తర్వాత లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కొత్త లోన్ `RNW` అనే ప్రోడక్ట్ కోడ్‌లో పడుతుంది. పాత కస్టమర్ కాబట్టి స్కోర్ వేయరు. స్కోర్ లేదు కాబట్టి నెలనెలా వచ్చే మోడల్ రిపోర్ట్‌లో ఆ లోన్ ఉండదు. పాతది గుడ్‌గా ముగిసింది, కొత్తది ఎవరి లెక్కలోనూ లేదు.

---

విశ్రాంత_మేనేజర్
శుక్రవారం, ఉదయం 5:55

నేను సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా కాలంలో దీన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అనేవాళ్లం. మార్చి 31కి పంట రుణాల వసూలు శాతం చూపించాలి, రైతు దగ్గర డబ్బు లేదు, కాగితం మీద పాతది కట్టినట్టు, కొత్తది ఇచ్చినట్టు రెండు వోచర్లు రాసేవారు. క్యాష్ పుస్తకం కదిలేది కాదు. అప్పట్లో ఆడిటర్లు పట్టుకునే పద్ధతి ఒకటే, ఆ రోజు వసూళ్లలో నగదుగా వచ్చింది ఎంత, ట్రాన్స్‌ఫర్ వోచర్లతో వచ్చింది ఎంత అని విడదీసేవారు. మీరు కంప్యూటర్‌తో చేసింది కూడా అదే బాబూ.

ఒక హెచ్చరిక. దీన్ని మోడల్ ఆడిట్ రిపోర్ట్‌లో ఒక పేరాగా పెట్టి వదిలేయకండి. కట్టలేని మనిషికి కొత్త అప్పు ఇచ్చి పాతది మూయడం ఎవర్‌గ్రీనింగ్. ఆ ఖాతాలని స్టాండర్డ్ అని చూపించారా, ప్రావిజన్ ఎంత తక్కువ పెట్టారు అనేవి వేరే ఫైండింగ్. అది మీ ఆడిట్ కమిటీకి నేరుగా వెళ్లాలి. మీ పైవాళ్లు "మోడల్ సంగతి చూడమన్నాం కదా, ఇదంతా ఎందుకు" అంటారు. అన్నా రాయండి.

---

వనపర్తి_బిందు
శుక్రవారం, ఉదయం 9:15

సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఇక వీరుడు గారి ప్రశ్న, బ్యాడ్ అనాలా, తీసెయ్యాలా. వాదించుకునే ముందు ఆ మనుషుల వెనకాలే వెళ్లి చూడొచ్చు. లోన్‌ని కాకుండా కస్టమర్‌ని పట్టుకోండి. ఆ 84 మంది కొత్త లోన్లు, తర్వాతి 12 నెలల్లో ఎన్ని 90 దాటాయి? 66 మందివి ఎన్ని దాటాయి? మీ డేటాకి ఇప్పుడు ఆ వయసు వచ్చింది.

---

నీలగిరి_ఆడిట్
శుక్రవారం, రాత్రి 8:30

84లో 51 దాటాయి. 66లో 5.

---

ఫీల్డ్_శీను
శుక్రవారం, రాత్రి 8:52

మిగిలిన 33 మందిని మళ్లీ తిప్పి ఉంటరు, చూడు.

---

నీలగిరి_ఆడిట్
శుక్రవారం, రాత్రి 9:40

చూశాను. 33లో 9 మందికి రెండోసారి రెన్యువల్ ఉంది. మిగతా 24 మంది నిజంగానే కట్టుకుంటూ వస్తున్నారు.

84, 30, 25 వీటిని బ్యాడ్‌లో కలిపి మళ్లీ పట్టిక వేశాను. సీ 8 శాతం, డీ 12.5, ఈ 20. ఏ, బీ మారలేదు. వరస సరిగ్గా వచ్చింది. మొత్తం బ్యాడ్ 489 నుంచి 628కి పెరిగింది, అంటే 5.2 శాతం కాదు, 6.7. విచిత్రం ఏంటంటే గిని 0.27 నుంచి 0.40కి ఎక్కింది. ఈ మాట చెప్పగానే వెండర్ ఎగిరి గంతేశాడు, "చూశారా, మా మోడల్ బాగానే ఉంది" అని.

---

డేటా_వీరుడు
శుక్రవారం, రాత్రి 10:05

మరి బాగానే ఉంది కదా. నేను మొదట పాతబడింది అన్నది పోయింది, సరే. వరస కరెక్ట్‌గా పెడుతోంది, గిని బాగుంది, ఇంకేం కావాలి?

---

వనపర్తి_బిందు
శనివారం, ఉదయం 7:40

గిని చెప్పేది ఒక్కటే, ఎవరు ఎవరి కంటే ఎక్కువ రిస్క్ అని. ఎంత రిస్క్ అని చెప్పదు. రేపు ప్రతి బ్యాండ్‌లోనూ బ్యాడ్ రెట్టింపు అయినా గిని దాదాపు అక్కడే ఉంటుంది, కానీ కంపెనీ మునుగుతుంది. కాబట్టి రెండో పోలిక కావాలి. వెండర్ రిపోర్ట్‌లో ఒక్కో బ్యాండ్‌కి ఇంత శాతం బ్యాడ్ అవుతారు అని అంచనా ఉంటుంది, దాని పక్కన ఇప్పుడు మీకు తేలిన శాతం పెట్టండి.

---

నీలగిరి_ఆడిట్
శనివారం, ఉదయం 11:20

డీకి అంచనా 7.5, తేలింది 12.5. ఈకి అంచనా 11, తేలింది 20. వడ్డీ రేటు, ప్రావిజన్ రెండూ ఆ అంచనా మీదే కట్టారు. మారటోరియం కాలం వల్ల అంచనాయే తక్కువగా మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది. ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదంటే, ఈ బ్యాండ్‌లో 6 శాతమే కనపడుతుంటే 11 అంచనా చాలా జాగ్రత్తగా ఉన్నట్టు అనిపించింది. రిస్క్ కమిటీ మినిట్స్‌లో "మోడల్ కన్సర్వేటివ్‌గా ఉంది" అని రాసి ఉంది, అక్షరాలా. అది చూపించి కటాఫ్‌ని 500కి దించుదామన్న ప్రతిపాదన కూడా పోయిన నెల బోర్డుకి వెళ్లింది!

---

విశ్రాంత_మేనేజర్
శనివారం, మధ్యాహ్నం 12:10

ఆ ప్రతిపాదన ముందు ఆపించండి. రిపోర్ట్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర నోట్ పంపవచ్చు.

---

డేటా_వీరుడు
శనివారం, మధ్యాహ్నం 12:45

ఓకే ఇది సీరియస్సే. అయితే నీలగిరి, మొత్తం కోడ్ నీ దగ్గర ఉంది కదా, కొత్త లేబుల్‌తో నువ్వే ఒక మోడల్ కట్టి చూపించు, రెండు రోజుల పని. నేను సాయం చేస్తా.

---

వనపర్తి_బిందు
శనివారం, మధ్యాహ్నం 1:30

వద్దు. ఆడిటర్ మోడల్ కడితే వచ్చే ఏడాది దాన్ని ఆడిట్ చేసేది ఎవరు? లేబుల్ ఎక్కడ తప్పిందో చూపించడం వరకే ఆడిట్ పని. కొత్త లేబుల్ ఎలా ఉండాలో రిస్క్ విభాగం రాసి సంతకం పెట్టాలి.

నెలనెలా వచ్చే రిపోర్ట్ విషయంలో మాత్రం గట్టిగా అడగొచ్చు. నేనైతే మూడు అడుగుతాను. లోన్ మూసినా కస్టమర్‌ని 18 నెలల దాకా వదలొద్దు, `RNW` లోన్ కొత్త లోన్ కాదు, పాతదాని కొనసాగింపు అని లెక్కలో పెట్టాలి. క్లోజ్ చేసిన రోజు డీపీడీ ఎంతో సిస్టమ్ శాశ్వతంగా దాచుకోవాలి, మీరు బ్యాకప్‌ల వెంట తిరిగినట్టు ఇంకెవరూ తిరగకూడదు. ఎక్సెప్షన్ లోన్లు విడిగా, బ్రాంచ్ వారీగా కనపడాలి. ఇంకా 12 నెలలు ఆగి 90 రోజులు చూడటం ఆలస్యం, మూడో నెలకి 30 రోజులు దాటినవి ఎన్ని అని చూస్తే గాలి ఎటు వీస్తోందో ముందే తెలుస్తుంది. పంటల మీద ఆధారపడ్డ బ్రాంచ్‌లలో మాత్రం ఈ మూడో నెల లెక్కతో జాగ్రత్త, వడ్లు అమ్ముడుపోయే ముందు నెలల్లో అందరూ కొంచెం జారతారు, అమ్మాక మళ్లీ సర్దుకుంటారు. ఏప్రిల్‌లో ఇచ్చినవాటిని పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఇచ్చినవాటితోనే పోల్చండి.

---

ఫీల్డ్_శీను
శనివారం, సాయంత్రం 4:20

మేడం, మీరు ఫోన్ నంబర్ కలిపితే దొరికేటివి ఒక రకం. భార్య పేరు మీద కొత్త లోన్ ఇచ్చి భర్త లోన్ కట్టించేటిది ఇంకో రకం, ఫోన్ కూడా వేరే ఉంటది. ఇంకా గట్టిగా ఉంటే పక్క కంపెనీల లోన్ ఇప్పిచ్చి ఇక్కడ కట్టిస్తరు. అది మీ డేటాల ఏడ దొరుకుతది?

---

వనపర్తి_బిందు
శనివారం, సాయంత్రం 5:05

పక్క కంపెనీది బ్యూరోలో కొంత దొరుకుతుంది. 2025 జనవరి నుంచి సంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోకి డేటా పంపాలి, కాబట్టి క్లోజ్ అయిన నెలలోనే వేరే చోట కొత్త లోన్ తెరిచారా అని చూడొచ్చు. 2022–23 లోన్లకి అది అంత శుభ్రంగా దొరకదు. భార్యాభర్తల సంగతి, నామినీ పేరు, చిరునామా కలిపితే కొన్ని వస్తాయి, అన్నీ రావు. 84 అన్నది కనీస సంఖ్య అని రిపోర్ట్‌లో రాయాలి.

---

నీలగిరి_ఆడిట్
ఆదివారం, రాత్రి 9:15

మధ్యంతర నోట్ పంపాను, కటాఫ్ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. 84లోంచి 25 ఫైళ్లు తీసి, బ్రాంచ్‌కి చెప్పకుండా కస్టమర్ల ఇళ్లకి వెళ్లే ప్లాన్ వేశాం. ఫైండింగ్ ఇలా రాస్తున్నాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి:

"60 రోజులకు పైగా ఓవర్‌డ్యూలో ఉన్న కనీసం 139 లోన్లు కొత్త లోన్లతో మూసివేయబడి, ఫలితాల లెక్కలో సక్రమంగా కట్టినవిగా నమోదయ్యాయి. దీనివల్ల సీ, డీ, ఈ బ్యాండ్లలో నష్టం వాస్తవం కంటే తక్కువగా కనిపించింది. మోడల్ వరుస క్రమం నిలబడింది, అంచనా శాతాలు నిలబడలేదు."

ఒక్క విషయం తేలలేదు. ఆ 24 మంది, లేటయ్యాక రెన్యువల్ తీసుకుని ఇప్పుడు బాగా కడుతున్నవాళ్లు. రిస్క్ హెడ్ వాళ్లని గుడ్ కింద పెట్టాలంటున్నాడు, నిజంగా కోలుకున్నారు కదా అని.

---

డేటా_వీరుడు
ఆదివారం, రాత్రి 9:40

నేను రిస్క్ హెడ్ వైపు. కట్టినవాడు కట్టాడు.

---

వనపర్తి_బిందు
ఆదివారం, రాత్రి 10:02

నేను కాదు. వాళ్లు కోలుకున్నారని మనకి తెలిసింది రెండేళ్ల తర్వాత. రెన్యువల్ ఇచ్చిన రోజున ఆ 84 మంది ఒకేలా ఉన్నారు, ఒప్పుకున్న ఈఎంఐ కట్టలేకపోయారు. మోడల్ చెప్పాల్సింది ఆ మొదటి లోన్ గురించి. కానీ నా బ్యాంకులోనే దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టండి, 24 మందిని గుడ్‌లో పెడితే ఈ బ్యాండ్ 20 నుంచి 16కి వస్తుంది. అప్పటికీ 11 కాదు కదా.

---

రంగన్న_మిర్యాలగూడ
ఆదివారం, రాత్రి 10:30

మేడం డిస్ప్యూట్ వేసిన, నంబర్ వచ్చింది. మూడు బ్యూరోలల్ల ఓపెన్ ఉంది, ఒకదాంట్ల క్లోజ్ అని కరెక్టుగా ఉంది. అదెట్ల?

---

వనపర్తి_బిందు
ఆదివారం, రాత్రి 10:41

క్లోజ్ అయిన నెల ఫైల్‌ని మీ సంస్థ ఒక్క బ్యూరోకే సరిగ్గా పంపి ఉంటుంది, లేదా మిగతా మూడు చోట్ల ఆ ఎంట్రీ రిజెక్ట్ అయి ఉంటుంది, దాన్ని మళ్లీ సరిచేసి పంపలేదు. కరెక్టుగా ఉన్న ఆ రిపోర్ట్‌ని కూడా మిగతా మూడు డిస్ప్యూట్లకి జత చేయండి.